ఫ్లాట్ 304: ప్రకటనలో చెప్పిన 1,150 చదరపు అడుగులు లేవు, అద్దె సరిచేయమని విన్నపం

ఓనరు గారికి నమస్కారం.

సార్, ఇది ఫోన్‌లో మాట్లాడేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కానీ ఇందులో అంకెలున్నాయి. మాటల్లో చెబితే అటూ ఇటూ అయ్యి చివరికి మనస్పర్థలు మిగులుతాయని రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. మీ అబ్బాయి గారికి కూడా చూపించండి, ఫ్లాట్ చూపించిందీ అద్దె మాట్లాడిందీ ఆయనే కాబట్టి.

మేం దిగి నాలుగు నెలలైంది. ఇల్లు బావుంది, గాలీ వెలుతురూ బావున్నాయి, ఇరుగుపొరుగు మంచివాళ్లు. వాటిలో నాకే ఇబ్బందీ లేదు. విషయం మొదలైంది పోయిన నెలలో, మా అమ్మ కోసం బీరువా చేయించాలని కార్పెంటర్‌ని పిలిచినప్పుడు. చిన్న బెడ్‌రూములో ఆవిడ మంచం వేశాక, బీరువా తలుపు సగమే తెరుచుకుంటుందని తేలింది, మంచం కోడుకి తగులుతోంది. ఆయన టేపు లాగి చూసి, "ఇది పదకొండు వందల యాభై అన్నారా? ఎక్కడ సార్, తొమ్మిది వందలుంటే గొప్ప" అన్నాడు. నాకు మొదట నమ్మకం కలగలేదు. ఆ సాయంత్రం నేనే టేపు పట్టుకుని, అమ్మని ఒక కొస పట్టుకోమని ఇల్లంతా కొలిచాను.

హాలు 19 అడుగుల పొడవు, 11.5 వెడల్పు: 218.5 చదరపు అడుగులు. పెద్ద బెడ్‌రూము 12 బై 11, అంటే 132. చిన్నది 10 బై 9.5, అంటే 95. వంటగది 9 బై 7.5, అంటే 67.5. బాత్‌రూములు రెండూ కలిపి 59.5. మధ్య నడవ 31.5. మొత్తం 604. బాల్కనీ 44, వాష్ ఏరియా 21 కలిపితే 669. గోడల లోపల మేం వాడుకునే చోటు ఇంతే.

ఇక్కడ మీరు అనబోయే మాట నాకు తెలుసు. ప్రకటనలో రాసేది కార్పెట్ ఏరియా కాదు, సూపర్ బిల్టప్, అందులో గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా అన్నీ కలుస్తాయి అంటారు. నిజమే, అందరూ అలాగే రాస్తున్నారు. 2016లో వచ్చిన రెరా చట్టం బిల్డర్లు ఫ్లాట్ అమ్మేటప్పుడు కార్పెట్ ఏరియా చెప్పాలంటుంది గానీ, మనది అమ్మకం కాదు, అద్దె. ఆ చట్టం ఎత్తుకుని మీతో వాదించే ఉద్దేశం నాకు లేదు. సూపర్ బిల్టప్ లెక్కకే వద్దాం. గోడలకి ఓ 75 అడుగులు వేసుకుని, ఆ పైన కామన్ ఏరియాకి నాలుగో వంతు కలిపినా 930 దగ్గర ఆగుతుంది. 1,150 ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు.

అర్థమైంది మాత్రం ఈ నెల మెయింటెనెన్స్ రసీదు చేతికొచ్చాక. మన అసోసియేషన్ వాళ్లు ఎస్‌ఎఫ్‌టీ లెక్కన వసూలు చేస్తారు కదా. రసీదులో ఫ్లాట్ నంబరు పక్కన చిన్న అక్షరాల్లో విస్తీర్ణం ఉంటుంది. మూడు నెలలూ డబ్బు కట్టి రసీదు డ్రాయర్లో పడేశాను గానీ ఆ గడి చూడలేదు. 304కి ఎదురుగా 940 అని ఉంది. సెక్రటరీ గారి దగ్గర రిజిస్టరు చూశాను. మా ఫ్లోర్‌లో 1,150 ఉన్నది ఒక్క ఫ్లాటే, 301. అది కూడా మీదే.

అప్పుడు ప్రకటన మళ్లీ తెరిచి చూస్తే, అందులో బాల్కనీ ఫోటోకి రెండు తలుపులున్నాయి. మాకు ఒకటే. ఆ ఫోటోలో గోడ పక్కన కిటికీ కూడా మూలకి ఉంది. అది మూల ఫ్లాట్‌కే కుదురుతుంది. ఎవరూ కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. 301 ఖాళీ అయినప్పుడు పెట్టిన ప్రకటననే 304కి కాపీ చేసి, నంబరు మార్చి ఉంటారు, అంకెలు, ఫోటోలు అలాగే ఉండిపోయి ఉంటాయి. కాకపోతే దాని వల్ల నేను 304లో ఉంటూ 301 అద్దె కడుతున్నాను.

అద్దె ఎలా కుదిరిందో కూడా గుర్తు చేస్తాను. నేను కొంచెం తగ్గించమంటే మీ అబ్బాయి గారు, "ఇక్కడ అడుగుకి ఇరవై నడుస్తోంది, పదకొండు వందల యాభైకి ఇరవై మూడు వేలు, ఇందులో బేరం లేదు" అని వాట్సాప్‌లో పెట్టారు. ఆ మెసేజ్ నా దగ్గర ఉంది. నేను ఒప్పుకుంది ఆ రేటుకే, ఇప్పటికీ ఆ రేటు మీద నాకు పేచీ లేదు. అదే రేటు 940కి వేస్తే 18,800 అవుతుంది. నెలకి 4,200 తేడా.

ఇక సదుపాయాలు. అన్నీ తవ్వి తీసి మిమ్మల్ని విసిగించను. ప్రకటనలో 24 గంటల నీళ్లన్నారు, వచ్చేది పొద్దున 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 7. బకెట్లు, ఒక డ్రమ్ము పెట్టుకున్నాం, అలవాటు పడ్డాం. అది బిల్డింగ్ మొత్తానికి ఉన్న సమస్య, మీ చేతుల్లో లేదు, దాన్ని వదిలేస్తున్నాను. పవర్ బ్యాకప్ అన్నారు, జనరేటర్ ఉంది, కానీ లిఫ్టుకీ మెట్ల లైట్లకే. కరెంటు పోయిన రాత్రి మేం మెట్ల మీద కూర్చున్నాం, వెలుగు అక్కడే ఉంది కాబట్టి. ఇదీ వదిలేస్తున్నాను, ఇన్వర్టర్ ఎలాగూ కొనుక్కున్నాను, వెళ్లేటప్పుడు తీసుకెళ్తాను.

గీజరు మాత్రం అడగాలి. రెండు బాత్‌రూముల్లోనూ ఉన్నాయని రాశారు. అమ్మ వాడే బాత్‌రూములో గోడకి పాయింటు, రెండు పైపు మూతలు తప్ప ఏమీ లేవు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే వేడినీళ్ల బకెట్ ఇటు నుంచి అటు మోయలేదు. అక్కడ చిన్న గీజరు ఒకటి బిగించండి, చాలు.

రెండోది కారు పార్కింగ్. 'కవర్డ్ కార్ పార్కింగ్' అని స్పష్టంగా ఉంది. మాకు చూపించిన చోటు జనరేటర్ గదికీ స్తంభానికీ మధ్య ఉంది. అది ఏడడుగుల వెడల్పు. కారు దూరుతుంది, తలుపు తెరవడానికి ఉండదు. ఒకరోజు ప్రయత్నించి డిక్కీ లోంచి దిగాల్సి వచ్చింది, వాచ్‌మన్ ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతాడు. అక్కడిప్పుడు స్కూటర్ పెడుతున్నాను. కారు బయట ఒక స్థలంలో నెలకి 800 కట్టి నిలుపుతున్నాను. 301 పార్కింగ్ పక్కనే ఖాళీగా ఉన్న చోటు మీదే అయితే అది ఇప్పించండి, 800 ప్రస్తావన పూర్తిగా మానేస్తాను. లేకపోతే ఆ 800 అద్దెలోంచి తీసేయమని అడుగుతున్నాను.

అంటే నేను కోరేది, వచ్చే నెల నుంచి అద్దె 18,000. పార్కింగ్ ఇస్తే 18,800.

పోయిన నాలుగు నెలలకి విస్తీర్ణం తేడా ఒక్కటే చూసినా 16,800 ఎక్కువ కట్టాను. మొత్తం వెనక్కి ఇవ్వమని అనను. కొలవకుండా, రసీదు చదవకుండా సంతకం పెట్టింది నేనే, ఆ మేరకు నా తప్పూ ఉంది. సగం, అంటే 8,400, రాబోయే రెండు నెలల అద్దెలో 4,200 చొప్పున సర్దండి. పార్కింగ్ మాట తేలకపోతే ఆ రెండు నెలలూ 13,800 పంపుతాను, తేలితే 14,600. మూడో నెల నుంచి పూర్తి అద్దె. అడ్వాన్స్ 46,000 అలాగే మీ దగ్గర ఉండనివ్వండి, దాన్ని ఇప్పుడు తగ్గించమని అడగడం లేదు.

ఈ నెల అద్దె 23,000 ఎప్పటిలాగే 5వ తేదీన మీ ఖాతాలో వేశాను, చూసే ఉంటారు. మీతో మాట తేలకుండా నేనంతట నేను అద్దె తగ్గించి పంపను.

అగ్రిమెంటులో విస్తీర్ణం రాయలేదు, 'రెండు పడక గదుల ఫ్లాట్' అని మాత్రమే ఉంది. కాబట్టి కాగితం ప్రకారం నేనిలా అడగడానికి వీల్లేదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్, మెయింటెనెన్స్ రసీదు, కొలతలు వేసిన కాగితం, పార్కింగ్ ఫోటో రెండు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. వీటిని చూశాక మీకే సబబనిపిస్తే, పాత అగ్రిమెంటు మార్చక్కర్లేదు. కొత్త అద్దె, విస్తీర్ణం 940 అని, గీజరు, పార్కింగ్ సంగతి ఒక పేజీలో రాసి ఇద్దరం సంతకాలు పెట్టి దానికి జతచేద్దాం.

నా కొలతల మీద అనుమానముంటే మీరో, మీ అబ్బాయి గారో ఈ నెల 18, 19 తేదీల్లో ఎప్పుడైనా రండి, నేను రెండు రోజులూ ఇంట్లోనే ఉంటాను. మీ టేపే తెచ్చుకోండి. ఐదో పదో అడుగులు అటూ ఇటూ అయితే మీ లెక్కే తీసుకుందాం. రిజిస్టరులో 940 తప్పని మీ దగ్గర సేల్ డీడ్ గానీ ప్లాన్ గానీ ఉంటే చూపించండి, 1,150 అని అందులో ఉంటే ఈ ఉత్తరం చింపేస్తాను.

ఒకవేళ 23,000కి తగ్గేది లేదంటే, నేను గొడవ పడను. నెల రోజుల నోటీసుతో ఖాళీ చేస్తాను. ఆరు నెలల లాక్-ఇన్ ఉంది కదా అని అడ్వాన్సులో కోత పెట్టకుండా మొత్తం తిరిగి ఇవ్వాలి. 1,150 ఉందన్న మాట మీదే ఆ లాక్-ఇన్‌కి ఒప్పుకున్నాను కాబట్టి ఇది న్యాయమే అనుకుంటున్నాను. అయితే మాకు వెళ్లాలని లేదు. అమ్మకి ఇక్కడ పక్కింటి వాళ్లతో బాగా కుదిరింది, మళ్లీ సామాను కట్టడమంటే ఇప్పుడే టెన్షన్ పడుతోంది.

20వ తేదీలోగా ఏదో ఒక మాట చెప్పండి. ఫోన్ చేసినా సరే, కానీ ఒప్పుకున్నది ఒక మెసేజ్‌లో కూడా పెట్టండి. గీజరు బిగించేవాళ్లు వచ్చే రోజు ముందుగా చెబితే ఆ బాత్‌రూము ఖాళీ చేసి ఉంచుతాను.

ఇట్లు,
ఫ్లాట్ 304లో అద్దెకు ఉంటున్న మీ టెనెంట్