ఈ ఏడాది ఆవకాయ రెడీ, ఆర్డర్లు మొదలయ్యాయి

మూడో రోజు తిరగ కలిపేశాం, ఉప్పు చూసేశాం, ముక్క మీద అర అంగుళం నూనె తేలింది, ఇక సీసాల్లోకి ఎక్కించడమే. నాగోల్‌లో మా ఇంటి వంటగదిలోనే నేనూ మా అత్తమ్మా కలిసి పెడతాం, ఫొటోలో కనిపించే చేతులు ఆవిడవే (మొహం మాత్రం వద్దన్నారు).

ఇన్‌బాక్స్‌లో రోజూ వచ్చే ప్రశ్న "లైసెన్స్ ఉందా అక్కా?" అని. అడగడమే మంచిది, తినేది మీరు కదా. మాది ఇంటి స్థాయి వ్యాపారం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఇచ్చేది రిజిస్ట్రేషన్. నంబర్ 23624999000418, 2029 మార్చి వరకు చెల్లుతుంది. మొదట్లో 2 ఉందంటే రిజిస్ట్రేషన్ అని, తర్వాతి 36 తెలంగాణ కోడ్. సర్టిఫికెట్ రెండో ఫొటోలో ఉంది. నా మాట మీద నమ్మక్కర్లేదు, foscos.fssai.gov.in లో FBO Search దగ్గర నంబర్ కొట్టి చూసుకోండి. మా దగ్గరే కాదు, ఎవరి దగ్గర కొన్నా ఇలా ఒకసారి చూడండి, పెద్ద పనేం కాదు. ప్రతి సీసా మీద ఈ నంబరు, ఏమేం వేశామో, బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, ఏ తేదీలోపు తినాలో అన్నీ ఉంటాయి. వెజ్‌కి పచ్చ గుర్తు, నాన్‌వెజ్‌కి బ్రౌన్ గుర్తు చూసుకుని తీసుకోండి.

ఎన్నాళ్లు ఉంటాయంటే: ఆవకాయ, మాగాయ బయటే పెట్టినా ఏడాది. గోంగూర, అల్లం, ఉసిరి ఆరు నెలలు. టమాటా నాలుగు నెలలు, మూత తీశాక ఫ్రిజ్‌లో పెడితే మంచిది. చికెన్ పచ్చడి మాత్రం అందగానే ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు తినేయాలి, ఎక్కువ రోజులుంటుందని చెప్పి అమ్మడం నాకిష్టం లేదు. సకినాలు, మురుకులు, చెక్కలు 20 రోజులు, సున్నుండలు 25, అరిసెలు 15. ప్రిజర్వేటివ్‌లు వేయం. పచ్చడిని కాపాడేది ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. అందుకే "కొంచెం నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి" అంటే ఆవకాయ విషయంలో కుదరదండీ, తగ్గిస్తే బూజు పడుతుంది. తడి గరిటె పెట్టకండి, కావాల్సినంత చిన్న గిన్నెలోకి తీసుకుని, మిగిలిన ముక్కలు నూనెలో మునిగేలా గరిటెతో అదిమి మూత పెట్టండి. పైన తెల్లటి బూజు కనిపిస్తే ఆ భాగం తీసేసి మిగతాది వాడదాం అనుకోవద్దు, మొత్తం పారేయండి.

నువ్వుల నూనె, పల్లీలు, గోధుమ పిండి, నెయ్యి అన్నీ ఒకే వంటగదిలో వాడతాం, ఎలర్జీ ఉన్నవాళ్లు ఆర్డర్‌కి ముందే చెప్పండి.

ధరలు: ఆవకాయ అరకిలో 320, గోంగూర అరకిలో 300, చికెన్ అరకిలో 650, సకినాలు కిలో 560. మిగతావి మూడో ఫొటోలో ఉన్నాయి, డెలివరీ ఛార్జి వేరు.

ఆర్డర్ ఇలా ఇవ్వండి. ఏది ఎంత కావాలో, పేరు, పూర్తి అడ్రస్, పిన్‌కోడ్, ల్యాండ్‌మార్క్ అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి, "హాయ్", "ప్రైస్ ప్లీజ్" అని పెట్టి మాయమైతే నేను వెతుక్కోలేను. మొత్తం ఎంతయిందో నేను చెప్పాక యూపీఐ చేసి స్క్రీన్‌షాట్ పంపండి, డబ్బు అందాకే ఆర్డర్ రాసుకుంటాం. క్యాష్ ఆన్ డెలివరీ లేదు. బుధవారం రాత్రి 9 వరకు వచ్చినవి గురు, శుక్రవారాల్లో చేసి శనివారం పంపిస్తాం. పచ్చళ్లు స్టాక్ ఉంటాయి గానీ పిండివంటలు ఆర్డర్ వచ్చాకే పొయ్యి మీదకి ఎక్కుతాయి, కాబట్టి "రేపు పొద్దునకి కావాలి" అంటే కష్టం. హైదరాబాద్‌లో బైక్ పార్సిల్ అదే రోజు, ఉప్పల్, ఎల్బీనగర్ వైపు వాళ్లు ముందే చెప్పి ఇంటికొచ్చి తీసుకెళ్లొచ్చు, ఛార్జి మిగులుతుంది. ఊళ్లకి కొరియర్, మామూలుగా రెండు మూడు రోజులు. చికెన్ పచ్చడి హైదరాబాద్ దాటి పంపం.

పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. సీసా పగిలినా, నూనె కారినా అదే రోజు ఆ వీడియో పంపితే మళ్లీ పంపుతాం, లేదంటే డబ్బు వెనక్కి ఇస్తాం. రుచి నచ్చలేదంటే మాత్రం ఏం చేయలేం, అందుకే మొదటిసారి తీసుకునేవాళ్లకి 100 గ్రాముల శాంపిల్ ప్యాక్ ఉంది, 70 రూపాయలు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి వాక్యూమ్ ప్యాకింగ్ చేసిస్తాం, కిలోకి 40 ఎక్స్‌ట్రా. చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టుకోండి. నాన్‌వెజ్ పచ్చడి మాత్రం వద్దు, అక్కడ ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు, డబ్బూ పోతుంది, పైగా టెన్షన్.

ఈ వారం ఆవకాయ 40 కిలోలే ప్యాక్ చేస్తున్నాం. వాట్సాప్ బటన్ ప్రొఫైల్‌లో ఉంది, పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు రిప్లై ఇస్తాను.

#ఆవకాయ #గోంగూరపచ్చడి #సకినాలు #హైదరాబాద్ #నాగోల్