వంకర లేని కాలువలో కర్ల్ ఎక్కడిది?

మొదటి సంవత్సరం విద్యార్థులకు డైవర్జెన్స్, కర్ల్ సూత్రాలు తొందరగానే నోటికి వస్తాయి. పాక్షిక అవకలనాలు చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అదే విద్యార్థిని తిన్నగా పారే కాలువ గట్టు మీద నిలబెట్టి ఈ నీటికి కర్ల్ ఉందా అని అడగండి. నీళ్లు ఎక్కడా తిరగడం లేదు కాబట్టి లేదంటాడు. కానీ ఉంది. సుడిగుండం చూపిస్తే ఉందంటాడు. అందులో చాలా మేర లేకపోవచ్చు. కన్ను ప్రవాహం మొత్తాన్ని ఒక్కసారి చూస్తుంది. ఈ రెండు రాశులు మాత్రం ఒక్కో బిందువు దగ్గర, దాని చుట్టూ ఉన్న చిటికెడు నీటికి ఏమవుతోందో చెబుతాయి. తికమక అంతా ఇక్కడే.

ముందుగా సదిశ క్షేత్రం. కాలువ నీటి ఉపరితలం మీద ప్రతి బిందువు దగ్గర ఒక బాణం గీసినట్టు ఊహించండి. అక్కడ నీరు ఎటు పోతోందో బాణం దిశ చెబుతుంది, ఎంత వేగంగా పోతోందో దాని పొడవు చెబుతుంది. x దిశలో వేగం v_x, y దిశలో వేగం v_y. ప్రస్తుతానికి ఉపరితలం చాలు, లోతు సంగతి చివర్లో చూద్దాం.

నీటిలో ఒక చిన్న చదరాన్ని ఊహించండి. దాని గోడలు ఊహలో గీతలే, నీటిని అడ్డుకోవు. ఎడమ అంచు నుంచి వచ్చే నీటి కంటే కుడి అంచు నుంచి పోయేది ఎక్కువైతే, ఆ తేడాను ∂v_x/∂x చెబుతుంది. కింది, పై అంచుల మధ్య తేడాను ∂v_y/∂y చెబుతుంది. రెండూ కలిపితే డైవర్జెన్స్:

∇·v = ∂v_x/∂x + ∂v_y/∂y

వచ్చిన దానికంటే పోయేది ఎక్కువైతే ధనాత్మకం, తక్కువైతే రుణాత్మకం.

ఇప్పుడు 10 మీటర్ల వెడల్పున్న కాలువ 50 మీటర్ల దూరంలో క్రమంగా 5 మీటర్లకు ఇరుకైందనుకోండి. లోతు మారలేదు. అదే నీరు సగం వెడల్పులోంచి పోవాలి కాబట్టి వేగం సెకనుకు 0.5 మీటర్ల నుంచి 1 మీటరుకు పెరుగుతుంది. ముందుకు పోయేకొద్దీ బాణాలు పొడవవుతున్నాయి, కనుక డైవర్జెన్స్ ధనాత్మకమని చాలామంది రాసేస్తారు. ∂v_x/∂x సగటున సెకనుకు 0.01, ఆ మాట నిజమే. అయితే రెండు గట్ల వైపు నుంచీ నీరు మధ్యకు ఒదుగుతోంది. అందువల్ల ∂v_y/∂y సెకనుకు −0.01. మొత్తం సున్నా. పొడవున సాగిన నీటి ముక్క అడ్డంగా అంతే సన్నబడింది. నీటి సాంద్రత దాదాపు మారదు కాబట్టి, ఎక్కడా కొత్తగా నీరు చేరకపోతే డైవర్జెన్స్ సున్నా కాక తప్పదు.

మరి నీరు చేరితే? రెండు అద్దాల పలకల మధ్య 2 సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, కింది పలకకు మధ్యలో రంధ్రం చేసి పైపు పెట్టారనుకోండి. సెకనుకు అర లీటరు నీరు పైకి వచ్చి అన్ని వైపులకూ పరుచుకుంటోంది. 10 సెంటీమీటర్ల దూరంలో దాని వేగం సెకనుకు సుమారు 4 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల దూరంలో సుమారు 2. దూరం రెట్టింపైతే వృత్తం చుట్టుకొలత రెట్టింపు, వేగం సగం. రెండు వృత్తాలనూ దాటే నీరు ఒక్కటే. అంటే ఆ రెండింటి నడుమ ఎక్కడా నీరు పుట్టడం లేదు. బాణాలన్నీ విచ్చుకుంటున్నట్టు కనిపించినా అక్కడ డైవర్జెన్స్ సున్నాయే. ఉన్నదంతా పైపు నోటి దగ్గరే ఉంది. విద్యుదావేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది: ఆవేశం ఉన్నచోట మాత్రమే డైవర్జెన్స్. మాక్స్‌వెల్ సమీకరణాల్లో ∇·E = ρ/ε₀ చెప్పేది అదే.

ఇక కర్ల్. దీనికి నీటి మీద తేలే సాధనం ఒకటి కావాలి. రెండు తేలికపాటి పుల్లలను కూడిక గుర్తులా అతికించి, ఒక పుల్ల కొసన ఎర్ర చుక్క పెట్టండి. ఈ కూడిక గుర్తు ఎక్కడికి కొట్టుకుపోతోందన్నది మనకు అనవసరం. తన చుట్టూ తాను తిరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

సూత్రం ఇది: కర్ల్ = ∂v_y/∂x − ∂v_x/∂y. ఆ రుణ గుర్తు ఎందుకని అడిగే విద్యార్థి నాకు ఇష్టం. x దిశలో ఉన్న పుల్లను చూడండి. దాని ముందు కొస దగ్గర v_y ఎక్కువైతే ఆ పుల్ల అపసవ్యదిశలో తిరగాలని చూస్తుంది. అదే మొదటి పదం. y దిశలో ఉన్న పుల్లకు పై కొస దగ్గర v_x ఎక్కువైతే అది సవ్యదిశలో తిరగబోతుంది. అపసవ్యదిశను ధనాత్మకంగా తీసుకున్నాం కాబట్టి దీనికి రుణ గుర్తు వచ్చింది. కర్ల్ అంటే ఈ రెండు పుల్లల తిరుగుడు రేట్ల మొత్తం. పుల్లలు అతుక్కుని ఉన్నాయి కనుక గుర్తు వాటి సగటు రేటుతో, అంటే కర్ల్‌లో సగంతో తిరుగుతుంది.

దీన్ని ఇప్పుడు తిన్నని కాలువలో వదలండి. వెడల్పు 10 మీటర్లు. నడుమ వేగం సెకనుకు 1 మీటరు, గట్ల దగ్గర సున్నా. లెక్క సులువు కోసం v_x = 1 − y²/25, v_y = 0 అనుకుందాం. y ని నడిమి గీత నుంచి ఎడమ గట్టు వైపు కొలుస్తున్నాం. కర్ల్ 2y/25 వస్తుంది. ఎడమ గట్టుకు మీటరు దూరంలో, అంటే y = 4 దగ్గర, అది సెకనుకు 0.32 రేడియన్లు. గుర్తు 0.16 రేడియన్ల రేటుతో అపసవ్యదిశలో తిరుగుతూ దాదాపు 39 సెకన్లలో ఒక చుట్టు పూర్తిచేస్తుంది. నడుమ వైపున్న కొసను నీరు గట్టిగా తోస్తుంది, గట్టు వైపున్న కొస వెనకబడుతుంది, అందుకే ఈ తిరుగుడు. కుడి గట్టు దగ్గర వదిలితే సవ్యదిశలో తిరుగుతుంది. సరిగ్గా నడిమి గీత మీద తిరగదు.

సుడిగుండంలో కథ తిరగబడుతుంది. ఆదర్శ సుడిలో కేంద్రం నుంచి దూరం r పెరిగేకొద్దీ వేగం k/r చొప్పున తగ్గుతుంది. మన గుర్తు అపసవ్యదిశలో కేంద్రం చుట్టూ పోతోందనుకోండి. ప్రవాహం వెంట ఉన్న పుల్ల ఆ వంపుతో పాటు k/r² రేటుతో అపసవ్యంగా తిరగబోతుంది. కేంద్రం వైపు చూసే పుల్లకు లోపలి కొస వేగంగా, బయటి కొస నెమ్మదిగా పోతాయి కనుక అది అంతే రేటుతో సవ్యంగా తిరగబోతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. గుర్తు గుండ్రంగా ప్రయాణిస్తుంది, ఎర్ర చుక్క మాత్రం ఉత్తరానికి చూస్తూ బయలుదేరితే ఉత్తరానికే చూస్తూ ఉంటుంది. కర్ల్ అంతా కేంద్రం దగ్గర పోగుపడి ఉంది. నిజమైన సుడిలో ఆ కేంద్రం ఒక బిందువు కాదు, కొంత వెడల్పున్న నడిమి భాగం.

తిరిగే బల్ల మీద నీళ్ల గిన్నె పెట్టి, నీరంతా గిన్నెతో పాటే ω కోణీయ వేగంతో తిరిగేదాకా ఆగితే అది వేరే సంగతి. v = (−ωy, ωx). రెండు పుల్లలూ ఒకే దిశలో ω రేటుతో తిరుగుతాయి, కర్ల్ ప్రతి బిందువు దగ్గరా 2ω.

లోతును కూడా కలిపితే డైవర్జెన్స్‌కు ∂v_z/∂z అనే మూడో పదం చేరుతుంది, అది అదిశగానే ఉంటుంది. కర్ల్ మాత్రం సదిశ అవుతుంది, ఎందుకంటే తిరుగుడుకు ఒక అక్షం కావాలి. కుడిచేతి వేళ్లను తిరిగే దిశలో ముడిస్తే బొటనవేలు చూపేది కర్ల్ దిశ. ఇంతవరకు మనం లెక్కించింది దాని z భాగాన్నే.

రేపటి తరగతికి v = (x, −y), v = (y, 0) క్షేత్రాల బాణాలు గీసి, లెక్క ముట్టుకోకముందే కూడిక గుర్తు తిరుగుతుందో లేదో, ఎటు తిరుగుతుందో రాసుకుని రండి. రెండోదానిలో చాలామంది కర్ల్ ధనాత్మకమా రుణాత్మకమా అన్నది తప్పు రాస్తారు.