ధ్వని తరంగాలు, పౌనఃపున్యం, డాప్లర్ ప్రభావం: 11వ తరగతి ప్రశ్నల నిధి

ఈ ప్రశ్నలు చెన్నైలో 11వ తరగతి చదువుతున్న తెలుగు పిల్లల కోసం. స్కూల్లో పాఠం ఇంగ్లీషులో విన్నా, లెక్క మొదలుపెట్టే ముందు లోపల ఏం జరుగుతోందో తెలుగులో ఒకసారి చెప్పుకోండి. అలా చెప్పలేకపోతే సూత్రం గుర్తున్నా లెక్క తప్పుతుంది. వేరే చెప్పనిచోట గాలిలో ధ్వని వేగం 340 మీ/సె అని తీసుకోండి. డాప్లర్ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.

1. పక్క గదిలోంచి అమ్మ పిలిస్తే వినిపించింది. అమ్మ నోటి దగ్గరున్న గాలి మీ చెవి దాకా వచ్చిందా? (2 మార్కులు)

*జవాబు:* రాలేదు. గాలి కణాలు తమ చోటికి అటూ ఇటూ కంపిస్తాయంతే. ముందుకు సాగేది సంపీడనాలు, విరళీకరణాలు, వాటితోపాటు శక్తి. కంపించే దిశ, తరంగం వెళ్ళే దిశ ఒకటే కాబట్టి ఇది అనుదైర్ఘ్య తరంగం.

2. మనిషి చెవికి వినిపించే పౌనఃపున్యాలు సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. ఈ రెండు కొసల దగ్గర తరంగదైర్ఘ్యం ఎంత? (2 మార్కులు)

*జవాబు:* λ = v/f. ఒక కొసన 17 మీటర్లు, ఇంకో కొసన 1.7 సెంటీమీటర్లు.

3. కాశిమేడు నుంచి వేటకు వెళ్ళిన పడవలో చేపలు వెతికే పరికరం 50 కిలోహెర్ట్జ్ ధ్వనిని కిందికి పంపింది. 0.04 సెకన్ల తర్వాత అడుగు నుంచి ప్రతిధ్వని వచ్చింది. సముద్రపు నీటిలో ధ్వని వేగం 1530 మీ/సె. (అ) లోతు ఎంత? (ఆ) నీటిలో ఆ ధ్వని తరంగదైర్ఘ్యం ఎంత? (ఇ) అదే ధ్వని గాలిలోకి వస్తే పౌనఃపున్యం మారుతుందా? (4 మార్కులు)

*జవాబు:* (అ) 0.04 సెకన్లు రానూపోనూ పట్టిన కాలం. దిగడానికి పట్టింది 0.02 సెకన్లే. లోతు 1530 × 0.02 = 30.6 మీటర్లు. సగం చేయడం మరిచి 61.2 అని రాస్తే మార్కులు పోతాయి. (ఆ) 1530/50000 = 0.0306 మీటర్లు, అంటే 3.06 సెం.మీ. (ఇ) మారదు. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది జనకం. యానకం మారితే వేగం, తరంగదైర్ఘ్యం మారతాయి.

4. మార్గశిరంలో కచేరీ. 25°C ఉన్న ఏసీ హాల్లో ఒక వేణువు 346 హెర్ట్జ్ స్వరం పలుకుతూ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెతో సరిగ్గా కలిసింది. అదే వేణువును 35°C ఉన్న ఆరుబయట వాయిస్తే ఏమవుతుంది? గాలిలో ధ్వని వేగం v = 331 + 0.6t అనుకోండి. వాయించే తీరు మారలేదు. (4 మార్కులు)

*జవాబు:* 25°C దగ్గర v = 346 మీ/సె, 35°C దగ్గర 352 మీ/సె. వేణువు పొడవు దాదాపు మారదు కాబట్టి లోపలి తరంగదైర్ఘ్యమూ మారదు. పౌనఃపున్యం 346 × 352/346 = 352 హెర్ట్జ్ అవుతుంది. శ్రుతిపెట్టె 346 దగ్గరే ఉంటుంది. రెండూ కలిసి మోగితే సెకనుకు 6 విస్పందనాలు వినిపిస్తాయి.

5. అంతటా ఒకే మందం ఉన్న గుండ్రటి చర్మాన్ని బిగించి కొడితే వచ్చే పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 1 : 1.59 : 2.14 : 2.30 : 2.65. మృదంగం కుడివైపు మాత్రం సుమారు 1 : 2 : 3 : 4 : 5 వస్తుంది. ఈ తేడా ఎందుకు? చెవికి దీని ఫలితం ఏమిటి? (5 మార్కులు)

*జవాబు:* కుడి ముఖం మధ్యలో నల్లగా కనిపించే పూత ఆ చోట బరువు పెంచుతుంది. దానివల్ల పై స్వరాలు ప్రాథమిక పౌనఃపున్యానికి పూర్ణాంక గుణిజాలకు దగ్గరగా వస్తాయి. అందుకే ఆ మోతకు ఒక నిర్దిష్టమైన శ్రుతి ఉంటుంది, మృదంగాన్ని గాయకుడి శ్రుతికి కలపగలుగుతారు. చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సి.వి. రామన్ 1920లో దీని గురించి రాశారు. ఈ ప్రశ్న పరీక్షలో రాకపోయినా వదలొద్దు. మన సంగీతం వెనక ఇంత భౌతికశాస్త్రం ఉందని తెలియాలి.

డాప్లర్ ప్రభావం

6. ఒక సబర్బన్ స్టేషన్లో ఆగకుండా ఎక్స్‌ప్రెస్ రైలు గంటకు 72 కి.మీ. స్థిర వేగంతో దూసుకెళ్తోంది. దాని హారన్ 320 హెర్ట్జ్. మీరు ప్లాట్‌ఫాం అంచుకు దూరంగా నిలబడ్డారు.

(అ) రైలు బాగా దూరంలో ఉండి వస్తున్నప్పుడు, దాటిపోయి బాగా దూరం వెళ్ళాక మీకు వినిపించే పౌనఃపున్యాలు ఎంత?
(ఆ) "రైలు దగ్గరయ్యే కొద్దీ హారన్ శ్రుతి పెరుగుతూ వస్తుంది." ఈ వాక్యం ఒప్పా, తప్పా? కారణం రాయండి.
(ఇ) సరిగ్గా 320 హెర్ట్జే వినిపించే క్షణం ఒకటి ఉంటుందా? (8 మార్కులు)

*జవాబు:* (అ) 72 కి.మీ./గం = 20 మీ/సె.
వస్తున్నప్పుడు: 320 × 340/(340 − 20) = 340 హెర్ట్జ్
వెళ్తున్నప్పుడు: 320 × 340/(340 + 20) = 302.2 హెర్ట్జ్

(ఆ) తప్పు. ఈ యూనిట్ మొత్తంలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే ప్రశ్న ఇది. సూత్రాన్ని మళ్ళీ చూడండి, అందులో దూరం ఎక్కడా లేదు. ఉన్నది వేగమే. దగ్గరయ్యే కొద్దీ పెరిగేది తీవ్రత. శబ్దం గట్టిపడుతుంటే శ్రుతి కూడా పెరుగుతున్నట్టు అనిపించి చాలామంది పొరబడతారు. మీరు సరిగ్గా పట్టాల మీదే ఉన్నట్టు ఊహిస్తే, రైలు చేరేదాకా 340 హెర్ట్జ్ కదలకుండా ఉండి, దాటగానే ఒక్కసారిగా 302.2కి పడిపోతుంది. కానీ మీరు పట్టాలకు పక్కగా ఉన్నారు. మీ వైపుకు వచ్చే వేగం 20 cos θ మాత్రమే. θ అంటే పట్టాలకూ, రైలు నుంచి మీ దాకా గీసిన గీతకూ మధ్య కోణం. రైలు దగ్గరయ్యే కొద్దీ θ పెరుగుతుంది, cos θ తగ్గుతుంది. కాబట్టి శ్రుతి 340 నుంచి కిందికే జారుతుంది, ఎప్పుడూ పైకి పోదు.

(ఇ) ఉంటుంది. రైలు మీకు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు θ = 90°, cos θ = 0. ఆ క్షణంలో బయలుదేరిన ధ్వని మీకు చేరినప్పుడు 320 హెర్ట్జే వినిపిస్తుంది.

7. 400 హెర్ట్జ్ సైరన్. (అ) అంబులెన్స్ ఆగి ఉంది, మీరు బస్సులో 17 మీ/సె వేగంతో దాని వైపు వస్తున్నారు. (ఆ) మీరు ఆగి ఉన్నారు, అంబులెన్స్ 17 మీ/సె వేగంతో మీ వైపు వస్తోంది. రెండుసార్లూ వినిపించేది ఒకటేనా? (4 మార్కులు)

*జవాబు:* (అ) 400 × 357/340 = 420 హెర్ట్జ్. (ఆ) 400 × 340/323 = 421.05 హెర్ట్జ్. ఒకటి కాదు. మొదటిదాంట్లో తరంగదైర్ఘ్యం మారలేదు, మీరే ఎదురెళ్ళి సెకనుకు ఎక్కువ తరంగాలు అందుకున్నారు. రెండోదాంట్లో తరంగదైర్ఘ్యమే కుదించుకుపోయింది. ధ్వనికి గాలి అనే యానకం ఉంది కాబట్టి ఎవరు కదులుతున్నారన్నది లెక్కలోకి వస్తుంది.

8. మెరీనాలో 8 మీ/సె సముద్రగాలి వీస్తోంది. గాలి వచ్చే వైపున ఒక లౌడ్‌స్పీకర్, ఎదురుగా మీరు. ఇద్దరూ కదలడం లేదు. పౌనఃపున్యం మారుతుందా? (2 మార్కులు)

*జవాబు:* మారదు. ధ్వని 348 మీ/సె వేగంతో చేరుతుంది, తరంగదైర్ఘ్యం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

9. డాప్లర్ 1842లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1845లో బైస్ బలోట్ హాలండ్‌లో రైలు మీద బాకాలు ఊదించి, శ్రుతి తేడా పట్టగల సంగీతకారులను పట్టాల పక్కన నిలబెట్టి పరీక్షించాడు. రైలు వచ్చేటప్పటికీ వెళ్ళేటప్పటికీ మధ్య తేడా సరిగ్గా ఒక స్వరస్థానం ఉండాలంటే వేగం ఎంత? నిష్పత్తి 1.0595 అనుకోండి. (4 మార్కులు)

*జవాబు:* (340 + u)/(340 − u) = 1.0595. u = 340 × 0.0595/2.0595 = 9.82 మీ/సె, గంటకు సుమారు 35 కి.మీ. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఈసారి రైలు దాటేటప్పుడు స్వరం పట్టి చూడండి, వేగాన్ని అంచనా కట్టొచ్చు.

10. చెన్నై ఓడరేవు ప్రాంతంలో ఉన్న వాతావరణశాఖ డాప్లర్ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 10 సెం.మీ. వాన చినుకులు రాడార్ వైపు 15 మీ/సె వేగంతో వస్తే తిరిగి వచ్చే తరంగం పౌనఃపున్యంలో మార్పు ఎంత? ఇక్కడ ధ్వని సూత్రం వాడొచ్చా? (3 మార్కులు)

*జవాబు:* వాడకూడదు. రాడార్ పంపేది రేడియో తరంగాలను, వాటికి గాలి అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మార్పు వస్తుంది కాబట్టి Δf = 2v/λ = 2 × 15/0.1 = 300 హెర్ట్జ్. చినుకులు దగ్గరవుతున్నాయి కాబట్టి పౌనఃపున్యం పెరుగుతుంది.