విషయం: మొదటి అంతస్తు పడకగదిలో మిద్దె కారడం - ఆగస్టు 11 నుంచి ఉన్న సమస్య, రిపేరు ఎప్పటికి అవుతుందో తెలపగలరు

తేదీ: 26 సెప్టెంబరు 2025, తిరుపతి

అంకుల్ గారికి,

నమస్కారం. బెంగళూరులో మీరూ ఆంటీ గారూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మాట్లాడుకున్నవి ఇద్దరికీ గుర్తుండాలని ఈసారి మెయిల్ రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఆగస్టు 11 రాత్రి వానకు పడకగదిలో ఫ్యాను చుట్టూ మొదటిసారి చెమ్మ కనిపించింది. మరుసటి రోజే మీకు వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. మీరు చెప్పగానే 24వ తేదీ ఆదివారం మేస్త్రీ వచ్చి మిద్దెపైన పగులుకు సిమెంటు పూసి వెళ్ళారు. అంత త్వరగా మనిషిని పంపినందుకు థ్యాంక్స్. కానీ ఆ పూత నిలవలేదు. సెప్టెంబరు 9 రాత్రి వానకు ఫ్యాను కొక్కెం దగ్గర నుంచే నీళ్ళు కారాయి. తెల్లారేసరికి బకెట్ సగం నిండింది. 10వ తేదీ పొద్దున ఫోన్ చేస్తే వారంలో మళ్ళీ మనిషిని పంపిస్తానన్నారు. ఇంతవరకు ఎవరూ రాలేదు.

17వ తేదీ బుధవారం మధ్యాహ్నం పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. మా బాబు తల పెట్టుకునే వైపే పడింది. వాడు అప్పుడు స్కూల్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ముగ్గురం హాల్లోనే పడుకుంటున్నాం. 18న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. కరెంటు వైర్లు పోయే పైపులోకి నీళ్ళు దిగాయి, ఆరేదాకా ఆ గదిలో ఫ్యాను, లైటు వేయొద్దని చెప్పి లైను ఆపేశారు. నాకు అసలు టెన్షన్ ఇదే అంకుల్. చెమ్మ గోడనైతే కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు, పిల్లాడున్న ఇంట్లో తడిసిన వైర్లతో భయంగా ఉంది.

కారణం తెలుసుకుందామని 21న ఇక్కడి మేస్త్రీ ఒకరిని మిద్దె మీదికి తీసుకెళ్ళాను. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో వాటం సరిగా లేక నీళ్ళు నిలుస్తున్నాయట. వాన నీళ్ళు దిగే గొట్టం మొదట్లో కూడా సందు ఉంది, నేనూ చూశాను. పైపైన సిమెంటు పూస్తే మళ్ళీ పగులుతుందని, ఆ మూల చెక్కి, వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేయాలని అన్నారు. సామాను, కూలీ కలిపి 18,500 రూపాయలు చెప్పారు. మీకు తెలిసిన మేస్త్రీతో చేయించినా నాకు సమ్మతమే. ఎవరు చేసినా, అయ్యాక మిద్దె మీద ఒక రోజు నీళ్ళు కట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే పని అయినట్టు అనుకుందాం.

ఆలస్యం చేయడానికి వీల్లేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే కదా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో ఇల్లు చూపించిన రోజు మీరే చెప్పారు. వాన పట్టుకున్నాక వాటర్‌ప్రూఫింగ్ కుదరదు, శ్లాబు ఆరాలి.

అందుకని సెప్టెంబరు 30, మంగళవారం లోపు ఎవరితో చేయించేదీ ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వగలరు. దసరా, బ్రహ్మోత్సవాలు అక్టోబరు 2తో అయిపోతాయి, ఆ తర్వాత కూలీలు దొరుకుతారు. 6వ తేదీ సోమవారం పని మొదలై, 15 లోపు పైకప్పు పెచ్చులు, వైరింగుతో సహా పూర్తి కావాలని కోరుతున్నాను. మీరు రాలేకపోతే నేనే దగ్గరుండి చేయిస్తాను. అప్పుడు ఖర్చును బిల్లులతో సహా నవంబరు బాడుగలో తగ్గించుకోమని మీరు రాసి పంపాలి. మీరు ఒప్పుకోకుండా నేను ఒక్క రూపాయి కూడా పట్టుకోను. అక్టోబరు బాడుగ 13,500 ఎప్పటిలాగే 5వ తేదీకి మీ ఖాతాలో పడుతుంది.

మన అగ్రిమెంటులో చిన్న రిపేర్లు మావి, శ్లాబు, వైరింగు లాంటివి మీవి అని ఉంది. ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన 350, మిద్దె మీద కప్పిన టార్పాలిన్‌కు అయిన 1,200 రసీదులు కూడా జత చేశాను. వాటి సంగతి మీ ఇష్టానికే వదిలేస్తున్నాను.

పోయినేడు జూన్ నుంచి ఈ ఇంట్లో మేము సుఖంగానే ఉన్నాం. బాబు స్కూలు నడిచి వెళ్ళేంత దగ్గర, ఇల్లు మారే ఆలోచన మాకు లేదు.

మిద్దె తాళం కింది ఇంటి వాళ్ళ దగ్గర ఉంది. మేస్త్రీ ఎప్పుడు వచ్చినా తీసుకోవచ్చు. నాతో మాట్లాడాలంటే సాయంత్రం 5 తర్వాత ఫోన్ చేయండి. ఆంటీ గారిని అడిగినట్టు చెప్పండి.

ఇట్లు,
మాధవి
మొదటి అంతస్తు

జత చేసినవి: ఆగస్టు 12, సెప్టెంబరు 10, 17 తేదీల ఫొటోలు, మిద్దె మూల వీడియో, మేస్త్రీ రాసిచ్చిన లెక్క, రెండు రసీదులు