నా మొదటి ప్రసంగం

సభాధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం. నా పేరు అధ్యక్షులు ఇప్పుడే చదివారు కనుక, మిగిలిన పరిచయం మూడు చిన్న సంగతులతో చేసుకుంటాను.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఎనిమిదో తరగతిలో పంద్రాగస్టు నాడు, వారం రోజులు కంఠస్థం చేసిన ఉపన్యాసంతో వేదిక ఎక్కి, "గౌరవనీయులైన" అన్న మొదటి మాటనే మూడుసార్లు పలికి, దండం పెట్టి దిగిపోయాను. అయినా చప్పట్లు నాకే ఎక్కువ వచ్చాయి, బహుశా త్వరగా ముగించినందుకు.

ఆ ఏడాదే మా నాయన నన్ను నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాడు. గర్భగుడిలో శివలింగం వెనుక గోడపై పగలంతా కదలకుండా నిలిచే నీడ ఏ స్తంభానిదని అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా, నువ్వే వెతుకు అన్నాడు. గంటసేపు స్తంభాల చుట్టూ తిరిగి, అది ఒక్క స్తంభం నీడ కాదని, స్తంభాల నడుమ చెదిరి లోపలికి వచ్చే వెలుతురు చేసే పనేమోనని చెప్పినప్పుడు, ఆయన పూజారిని పిలిచి, "మా బిడ్డ చెప్పేది వినండి" అన్నాడు. ఆ రోజు నా గొంతు వణకలేదు.

మూడోది పోయిన నెలది. కిక్కిరిసిన బస్సులో "ఆపండి" అని గట్టిగా అనలేక, దిగవలసిన స్టాపు దాటి రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. ఆ మర్నాడే ఈ క్లబ్బులో పేరు రాయించుకున్నాను.