మన పెళ్లిరోజున మీకో ఉత్తరం

ఏమండీ,

ఈరోజుకి మన పెళ్లై 41 ఏళ్లు. పొద్దున్నే అలవాటుగా రెండు గ్లాసుల కాఫీ కలిపేశాను. మీది చల్లారాక నేనే తాగాను, పంచదార లేకుండా. ఎలా తాగేవారండీ ఇన్నాళ్లూ!

ఆవకాయ పెట్టాను. ఉప్పు, కారం, ఆవపిండి మీ కొలతే, గిన్నెకి గిన్నె. కిందటేడు తడి పూర్తిగా ఆరకుండానే ముక్కలు కొట్టించాను, బూజు పట్టింది. కాయలు తుడిచే పని ఎప్పుడూ మీదే కదా! ఈసారి మీ పాత పంచె చింపి ఒక్కో కాయా తుడిచాను. మూడోరోజు తిరగ కలిపేసరికి నూనె చక్కగా పైకి తేలింది.

జాడీకెత్తాక బేసిన్‌లో వేడన్నం వేసి కలిపాను. మొదటి ముద్ద మీది. చెయ్యి చాచాను, పక్కన పీట ఖాళీగా ఉంది.

పెద్దాడికి ఒక సీసా పంపుతున్నాను. వెల్లుల్లి ఎక్కువే వేశాను, మీలాగే ఏరుకుని తింటాడు.

మీ సరోజ