ముప్పై ఎనిమిదో రోజు: ఒడియా హాజరు, పదిహేను నిమిషాలు

మాస్టారూ, నమస్కారం. రోజుకి పదిహేను నిమిషాలు ఒడియా నేర్చుకోవాలన్న లెక్కలో ఈ రోజు కూడా హాజరే. పొద్దున సోంపేట కాంప్లెక్సులో ఇచ్ఛాపురం బస్సు కోసం నిల్చుని ఆరు నిమిషాలు, ఇప్పుడు కుక్కర్ పెట్టి తొమ్మిది. మధ్యలో మందుల షాపు కౌంటర్ దగ్గర మాట్లాడింది లెక్కలో కలపలేదు. అది జీతానికి చేసింది కదా.

పొద్దున చూసింది పాత పాఠమే. హల్లులో కలిసి ఉండే 'అ'ని 'ఒ'లాగా పలకడం. పుస్తకంలో 'ఘర' అని రాసుకుని 'ఘొరొ' అనడం నోటికి ఇప్పుడిప్పుడే వస్తోంది. పక్కన నిల్చున్న ఆవిడ నేను ఫోన్లో ఎవరితోనో గొడవ పడుతున్నాననుకుంది.

ఇక అసలు సంగతి. ఈ రోజు పెద్ద తప్పు చేశాను.

పదకొండు గంటలకి ఒడిశా వైపు ఊరి నుంచి ఒక మామ్మగారు వచ్చారు. చీర కొంగుకి ముడివేసిన చీటీ విప్పి ఇచ్చారు. షుగర్ మాత్ర, మెట్‌ఫార్మిన్, రోజుకి రెండుసార్లు, తిన్న తర్వాత. నేను ధైర్యంగా 'ఖాఇబా ఆగరు, దినకు దుఇథర' అనేశాను. ఆవిడ నా మొహం చూసి నవ్వేశారు. 'నా మా, పరే', కాదమ్మా తర్వాత అని, అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపించి, ఆ తర్వాత మాత్ర వేసుకున్నట్టు చూపించారు. ఆవిడ ఎప్పటినుంచో వాడుతున్న మందు కాబట్టి సరిపోయింది. అదే కొత్తగా మొదలుపెట్టిన మనిషైతే నా మాట విని ఖాళీ కడుపుతో వేసుకుని, వాంతులూ విరేచనాలూ అంటూ రేపు మళ్ళీ వచ్చేవారు. సాయంత్రం దాకా నాకు ఒకటే టెన్షన్.

తప్పు ఎక్కడ జరిగిందో రాత్రి తెలిసింది. 'ఆగరు' అనగానే నా తెలుగు బుర్ర 'ఆగు' అని పట్టేసింది. తినేదాకా ఆగమంటున్నాం, అంటే తిన్న తర్వాతే అని ఎప్పుడో ముడివేసుకున్నాను. పుస్తకంలో అర్థం సరిగ్గానే రాసి ఉంది, ముందు అని. బుర్రలో మాత్రం తిరగబడింది. అందుకే ఆ ముడినే మార్చాను. తెలుగులో 'ఆగరు' అంటే ఆగని వాళ్ళు. అన్నం కోసం ఆగరు, ముందే మాత్ర వేసేసుకుంటారు. గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్, ఆగరు. షుగర్ మాత్ర, పరే. కుక్కర్ పక్కన నిల్చుని ఈ రెండింటినే ఇరవైసార్లు అన్నాను. మా అబ్బాయి కూడా నేర్చేసుకున్నాడు. వాడు ఇప్పుడు హోంవర్క్ 'ఖాఇబా పరే' అంటున్నాడు.

ఇరవై అనగానే గుర్తొచ్చింది. అంకెల్లో ఈ రోజు ఒక్కటే కొత్తది: కోడిఏ. ఇరవై టంకా, అంటే రూపాయలు, అడగాలంటే ప్రతిసారీ కళ్ళ ముందు కోడి వచ్చి నిలబడుతోంది, ఇంక మర్చిపోను. ఇరవై దాటిన అంకెలు ఇంకా కాలిక్యులేటర్ తిప్పి చూపించడమే. వాటికి ఇప్పుడు టైం పెట్టదలచుకోలేదు. డబ్బు లెక్క తప్పితే తిరిగి ఇచ్చేయొచ్చు.

అక్షరాలు: ఠ వచ్చింది. అచ్చం మన సున్నాలాగే ఉంది. వాళ్ళ సున్నా అంకె కూడా అలాగే ఉండడంతో కాస్త తికమకగానే ఉంది. ఎక్కడ అనడానికి 'కేఉఁఠి' రాసి చూశాను, ఫోటో పెట్టాను. మొదటి అక్షరం వంకర కుక్కర్ విజిల్ వల్ల.

మీరు దిద్దాల్సిన వాక్యాలు మూడున్నాయి. ఆడియో కూడా పంపాను, ఖాళీ ఉన్నప్పుడు వినండి.

'కేబెఠు జ్వర?' జ్వరం ఎప్పటినుంచి అని అడగడానికి ఇది చాలా, ఇంకేమైనా కలపాలా?

'ఖాఇబా పరే, దినకు తినిథర.' తిన్న తర్వాత, రోజుకి మూడుసార్లు అని. ఇది సరిగ్గానే ఉందనుకుంటున్నాను.

'ఖాలి పేటరే ఖాఇబే నాహిఁ.' ఖాళీ కడుపుతో వేసుకోవద్దు అని. 'ఖాలి' మన ఖాళీయే కావడం భలే హాయిగా ఉంది. కానీ పెద్దవాళ్ళతో అన్నప్పుడు 'ఖాఇబే నాహిఁ' మర్యాదగానే వినిపిస్తుందా? గదమాయించినట్టు ఉంటే చెప్పండి, మారుస్తాను.

రేపు కొత్త మాటలు వద్దు మాస్టారూ. ఆగరు, పరే, సకాళ, రాతి, ఈ నాలుగే. మందు కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇస్తూ నోటితో కూడా చెప్తాను. చెప్పాక వాళ్ళ చేత ఒకసారి తిరిగి చెప్పించుకుంటాను. అలా చేస్తే మందు విషయంలో భయం ఉండదు, నా చెవికి వాళ్ళు పలికే తీరు కూడా అందుతుంది. మీరు వాక్యాలు ఒప్పుకుంటే పొద్దున బస్సులో పెద్దగా చదువుతాను. గొడవ పడుతున్నాననుకున్న ఆవిడ మళ్ళీ వస్తే రానీ.

మూడో విజిల్ వచ్చింది. ఉంటాను.